ఫుల్‌టైమ్ రెగ్యులర్ మాత్రమే

ఎవరైనా డిగ్రీ సర్టిఫికెట్ చేతికిస్తే మీరు ముందు పేరు చూస్తారు, తర్వాత మార్కులు చూస్తారు. నేను వెనక్కి తిప్పి చూస్తాను. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదివితే ఆ సంగతి అక్కడ చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. పదకొండేళ్లుగా హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నదాన్ని కాబట్టి ఈ అలవాటు చేతికి పట్టేసింది. పెళ్లిళ్లలో శుభలేఖలు కూడా ముందు వెనక్కే తిప్పుతానని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

మాది మందులు పంపిణీ చేసే కంపెనీ. సికింద్రాబాద్‌లో ఆఫీసు, దాని వెనకే గోదాము. నేను చేరినప్పుడు నా చదువు బీకామ్. ఆ తర్వాత కూడా బీకామే. పక్కవాళ్ల చదువులు తూకం వేసే పనిలో పడి నా చదువు సంగతి మరిచిపోయాను.

చేరిన నాలుగో ఏడు మా కంపెనీకి క్వాలిటీ సర్టిఫికెట్ కావాలన్నారు. అది రావాలంటే ప్రతి ఉద్యోగానికీ ఏం పని, ఏ అర్హత అని ఒక పుస్తకం రాసిపెట్టుకోవాలి. ఆ పుస్తకం తయారుచేసే పని నా నెత్తిన పడింది. వారం టైము ఇచ్చారు. నేను ఇంటర్నెట్‌లో ఎవరిదో పెద్ద కంపెనీ పుస్తకం దొరికితే దించుకుని, వాళ్ల పేరు ఉన్నచోటల్లా మా పేరు పెట్టాను. అందులో మేనేజర్ స్థాయి పోస్టులన్నిటికీ ఒక వాక్యం ఉంది: ఎంబీఏ, ఫుల్‌టైమ్ రెగ్యులర్ మాత్రమే, డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీలు పరిగణించబడవు. ఆ వాక్యం నాకు భలే నచ్చింది. చదువుతుంటే మా గోదాము కంపెనీకి సూటూ బూటూ వేసినట్టనిపించింది. అసిస్టెంట్ మేనేజర్లకు కూడా అదే అంటించాను. మా డైరెక్టర్ సార్ అరవై పేజీల్లో ప్రతి పేజీ మీదా సంతకం పెట్టారు, ఒక్క పేజీ కూడా చదవకుండా.

ఇలాంటి పుస్తకానికి ఒక మర్యాద ఉంటుంది. ప్రతి డిపార్ట్‌మెంటుకూ ఎర్ర ముద్ర వేసిన ఒక కాపీ ఇవ్వాలి. ప్రతి పేజీ అడుగున తయారుచేసినవారు, ఆమోదించినవారు అని రెండు సంతకాలుండాలి. తర్వాత అందులో ఒక్క మాట మార్చాలన్నా, ఎందుకు మార్చాలో ఫారం నింపి మళ్లీ సంతకాలు తీసుకోవాలి. అంటే రాయడం వారం పని, మార్చడం ఏడాది పని. కాబట్టి ఎవరూ మార్చరు. నేను ఎత్తిరాసిన వాక్యం రాజ్యాంగంలా కూర్చుంది.

నాలుగేళ్ల కిందట హెచ్‌ఆర్ అసిస్టెంట్ మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. కంపెనీ లోపలివాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని నోటీసు పెట్టాం. ఒకే ఒక్క దరఖాస్తు వచ్చింది. గోదాములో డిస్పాచ్ సూపర్‌వైజర్‌ది. బన్సీలాల్‌పేట్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు, అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. నలభై మంది హమాలీల, డ్రైవర్ల హాజరు, సెలవులు, గొడవలు, అడ్వాన్సులు అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. ఎవరైనా మానేస్తానంటే ఇంటికెళ్లి చాయ్ తాగి మరీ వెనక్కి తెచ్చేవారు. ఇంత చేస్తూ దూరవిద్యలో ఎంబీఏ చేశారని ఆ దరఖాస్తు చూసేదాకా నాకు తెలియదు. అదీ హెచ్‌ఆర్‌లోనే చేశారు.

సర్టిఫికెట్ ముందువైపు ఫస్ట్ క్లాస్ అని ఉంది. నేను వెనక్కి తిప్పాను.

పిలిచి చెప్పాను. "భాయ్, సారీ. పాలసీల రెగ్యులర్ మాత్రమే అని ఉంది. మీది డిస్టెన్స్ కదా."

ఆయన సర్టిఫికెట్ మళ్లీ ముందువైపుకు తిప్పిపెట్టారు. "ఆదివారాలు పోయి క్లాసులు విన్న మేడమ్. పరీక్షలు హాల్‌లనే కూర్చొని రాసిన. గవర్నమెంటు గుర్తింపు సుత ఉంది."

"గుర్తింపు లేదని నేనంటలేను భాయ్. కంపెనీ పాలసీ."

"పాలసీ ఎవరు రాసిన్రు మేడమ్?"

"పైనుంచి వచ్చింది."

ఆయన సరే అన్నట్టు తలూపి, సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన ఆ పోస్టులోకి వస్తే నాకు పై అధికారి అవుతారు. గోదాములోంచి వచ్చిన మనిషి నా సెలవు చీటీ మీద సంతకం పెట్టడమేమిటని నాలో నేనే ఉక్రోషపడ్డాను. పాలసీ నాకు బాగా అక్కరకొచ్చింది. ఆ పోస్టు చివరికి బయటనుంచి వచ్చిన ఒక ఫుల్‌టైమ్ రెగ్యులర్ కుర్రాడికి దక్కింది. హమాలీల హాజరు ఎలా వేయాలో ఏడాదిపాటు భాయ్ దగ్గరే నేర్చుకుని, అంతకంటే మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు.

నిరుడు మా హెచ్‌ఆర్ మేనేజర్ రిటైరయ్యారు. డైరెక్టర్ సార్ నన్ను పిలిచారు. ఆయనది తరతరాల వ్యాపార కుటుంబం. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తారు.

"పని మొత్తం నువ్వే చేస్తున్నవు. పోస్టు నీకే ఇద్దామనుకుంటున్న. లేకిన్ నీకు ఎంబీఏ లేదు. ఆడిటర్లు పుస్తకం చూస్తరు, నీ సర్టిఫికెట్ చూస్తరు, రెండూ కలవాలె. నువ్వు ఎంబీఏ షురూ చెయ్యి, అప్పటిదాక ఇన్‌చార్జ్‌గా ఉండు."

ఇంటికి వచ్చేటప్పుడు నేల మీద నడిచినట్టు లేదు. మారేడ్‌పల్లిలో మా వీధి మలుపు దాటి రెండు సందులు ముందుకెళ్లాక వెనక్కి తిరిగాను. హెచ్‌ఆర్ మేనేజర్. తలుపు మీద పేరు. ఆ తలుపు లోపల కూర్చుని పదేళ్లు ఇతరులు నా మీద పెత్తనం చేశారు, ఇక నేను చేస్తాను.

అప్పటినుంచి నా పాట్లు మొదలయ్యాయి. క్యాంపస్‌లో చదవాలంటే రెండేళ్లు ఉద్యోగం మానాలి. ఉద్యోగంలో పైకి రావడానికి ఉద్యోగం మానడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఫీజు అడిగితే, దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఏడు లక్షలన్నారు. అదే యూనివర్సిటీ అదే ఎంబీఏ ఆన్‌లైన్‌లో లక్షా అరవై వేలకే ఇస్తోంది. ఇంత తేడా ఎందుకో చూద్దామని సెలవు పెట్టి క్యాంపస్‌కి వెళ్లాను.

పచ్చిక బాగుంది. క్యాంటీన్లో సమోసా బాగుంది. ఒక తరగతి గది కిటికీలోంచి చూస్తే ముప్పై మంది కూర్చుని ఉన్నారు, సగం మంది ఫోన్లు చూస్తున్నారు. ఒక అమ్మాయిని బయట ఆపి ఏం చూస్తారమ్మా అంతగా అని అడిగాను.

"సార్ మొన్న చెప్పింది సమజ్ కాలే ఆంటీ. అదే సార్ ఆన్‌లైన్ బ్యాచ్‌కి చెప్పిన వీడియో ఉంది, అదే చూస్తున్నం. దాంట్ల మంచిగ చెప్పిండు."

నాకు నవ్వాగలేదు. కానీ ఆ అమ్మాయే ఇంకో మాట కూడా చెప్పింది. క్యాంపస్‌లో చదివితే కంపెనీలు ఇక్కడికే వచ్చి ఉద్యోగాలిస్తాయట, తోటివాళ్ల పరిచయాలు జన్మంతా ఉంటాయట. ఇరవై రెండేళ్ల పిల్ల ఆ ఎక్కువ సొమ్ము కట్టేది దానికోసమే. నాకు ఉద్యోగం ఉంది. పరిచయాలు అక్కర్లేనంత ఉన్నాయి. ఇక ఆన్‌లైనే అని నిశ్చయించుకున్నాను.

ఒక వెబ్‌సైటులో ఫోన్ నంబరు ఇచ్చినందుకు నా ప్రాణం తోడేశారు. కౌన్సెలర్‌నంటూ ఒకమ్మాయి రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేది. "మేడమ్, సీట్లు రెండే మిగిలినయ్, ఈరోజే లాస్ట్ డేట్." మూడు వారాలు అదే చివరి తేదీ, అవే రెండు సీట్లు. ఆమె వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ గురించి చెప్పేది. గుర్తింపు ఉందా అంటే "హండ్రెడ్ పర్సెంట్ మేడమ్" అనేది. నాతోనా ఆటలు? యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే ఢిల్లీ కమిషన్ వెబ్‌సైటులో, ఏ యూనివర్సిటీ ఏ కోర్సును ఏ పద్ధతిలో నడపొచ్చో ప్రతి ప్రవేశాల కాలానికీ జాబితా పెడతారు. తెరిచి చూస్తే ఆ యూనివర్సిటీ పేరు ఉంది. ఆన్‌లైన్ కింద బీఏ, ఎంఏ ఉన్నాయి. ఎంబీఏ దూరవిద్య జాబితాలో ఉంది కానీ ఆన్‌లైన్ జాబితాలో లేదు. ఫోన్లో ఆ మాట చెప్పగానే ఆ పిల్ల లైన్ కట్ చేసింది. నేను క్యాంపస్ చూసి వచ్చిన యూనివర్సిటీకి మాత్రం ఆన్‌లైన్ ఎంబీఏ ఆ కాలానికి స్పష్టంగా ఉంది.

మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాడు. ఆయనకు ఇదంతా వింతగా తోచింది. "మా దగ్గర కమిషన్ గుర్తింపు ఉంటే చాలు. క్యాంపస్ అయినా ఆన్‌లైన్ అయినా ఒకటే లెక్క. రెండు డిగ్రీలూ సమానమే అని కమిషనే రాసిచ్చింది. మీ గోదాంకేంది ఇంత తక్లీఫ్?"

"మాకు పాలసీ ఉంది."

"ఎవరు పెట్టిన్రు?"

నేను టీవీ సౌండ్ పెంచాను.

ఆ రాత్రి పడుకున్నాక వెలిగింది నా బుర్రలో. లక్షా అరవై వేలు కట్టి, రెండేళ్లు కళ్లు మండేలా చదివి, గుర్తింపు ఉన్న డిగ్రీ తెచ్చుకున్నా, మా పుస్తకం ప్రకారం అది పరిగణించబడదు. ప్రభుత్వం ఒప్పుకుంటుంది, ఢిల్లీ ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ కొలతలు ఇంకెవరిదో కంపెనీనుంచి ఎత్తుకొచ్చి.

మర్నాడు మార్పు ఫారం నింపాను. కారణం అన్నచోట "నా కోసం" అని రాయలేం కదా. కమిషన్ గుర్తించిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని నియమం ఉన్నందున, ప్రతిభగల ఉద్యోగులకు అన్యాయం జరగకుండా ఉండేందుకు, అని రాశాను. రాస్తుంటే నా న్యాయబుద్ధికి నాకే కళ్లు చెమర్చాయి. నియమం ప్రతి జతచేసి సార్ ముందు పెట్టాను.

"ఈ లైన్ అసలు ఎవరు పెట్టమన్నరు?" అన్నారు సార్.

"మీరే సంతకం పెట్టారు సార్."

"నేను అన్నిటి మీద పెడ్త. ఖానూన్ సమానం అంటుంటే మనం కాదనుడు ఏంది? ఇన్నేళ్లు మంచి మంచి మనుషులు మనకు రాకపోతుండె ఇట్లనే." సంతకం చేశారు. అంతే. ఏడేళ్ల రాజ్యాంగం పావుగంటలో మారింది. ఎవరూ అడగలేదు కాబట్టే అది అన్నాళ్లు నిలబడిందని అప్పుడర్థమైంది.

నేను ఆ మధ్యాహ్నమే అడ్మిషన్ మొదలుపెట్టాను. ఈసారి మధ్యవర్తులెవరూ వద్దని యూనివర్సిటీ వెబ్‌సైటులోనే కట్టాను. కమిషన్ పోర్టల్‌లో విద్యార్థి నంబరు తీసుకుని, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, మొదటి ఏడాది ఫీజు ఎనభై వేలు పంపాను. రసీదు వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి స్వీట్లు కూడా తీసుకెళ్లాను.

మూడో రోజు సార్ మళ్లీ పిలిచారు. మాకు సరుకిచ్చే మందుల కంపెనీల ఆడిటర్లు వచ్చే నెల వస్తున్నారట. పోయినసారి హెచ్‌ఆర్ మేనేజర్ పోస్టు ఖాళీగా ఉందని తప్పు రాశారట.

"ఇప్పుడు రూల్ మారింది కదా. మన దగ్గర ఎవరికన్న ఆల్‌రెడీ ఎంబీఏ ఉందా, ఒకసారి రిజిస్టర్ చూసి చెప్పు. ఉంటే ఇప్పుడే భర్తీ చేసేద్దాం. నీది అయ్యేటందుకు రెండేళ్లు పడ్తది కదా."

ఉద్యోగుల అర్హతల రిజిస్టర్ రాసేది నేనే. చూడాల్సిన పని లేదు. డిస్పాచ్, వరుస సంఖ్య పదిహేడు, ఎంబీఏ, హెచ్‌ఆర్, ఫస్ట్ క్లాస్, డిస్టెన్స్. ఆ చివరి మాట నేనే ఎర్ర పెన్నుతో రాశాను.

రెండు రోజులు చెప్పలేదు. పని ఒత్తిడి అన్నాను, రిజిస్టర్ బైండింగుకు వెళ్లిందన్నాను. మూడో రోజు చెప్పాను. మనస్సాక్షి ఊరుకోలేదని రాసుకుంటే బాగుంటుంది. కానీ ఆడిటర్ ముందు అడిగేది ఆ రిజిస్టరే. భయం వేసి చెప్పాను.

సార్ ఎగిరి గంతేశారు. "అరే, భాయ్‌కి ఎంబీఏ ఉందా! ఇన్నేళ్లు చెప్పలేదేంది?"

"సర్టిఫికెట్ వెరిఫై చెయ్యాలి సార్" అన్నాను. నా ఆఖరి ఆశ అదే. భాయ్ ఎంబీఏలో చేరిన సంవత్సరంలో ఆ యూనివర్సిటీకి దూరవిద్య అనుమతి ఉందో లేదో పాత జాబితాలు తవ్వాను. లేకపోతే బాగుండునని మనసులో మొక్కుకున్నాను కూడా. సిగ్గుపడుతూనే మొక్కుకున్నాను. అనుమతి ఉంది. యూనివర్సిటీకి వెరిఫికేషన్ ఫీజు కట్టి ఉత్తరం పంపాను. మామూలుగా రెండు నెలలు పట్టే జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది: సర్టిఫికెట్ సరైనది.

ఆడిట్‌కి ముందు రోజు తలుపు మీద పేరు మారింది. భాయ్ వచ్చి ఆ గదిలో కూర్చున్నారు. మొదటి వారం ఆయన కుర్చీ అంచు మీదే కూర్చునేవారు. నేను లోపలికి వెళితే లేచి నిలబడేవారు, అది నాకు ఇంకా మంటగా ఉండేది. నెల తిరిగేసరికి హమాలీల సెలవుల గొడవ తీరింది. డ్రైవర్లు పేస్లిప్పులు అర్థమయ్యేదాకా అడిగి తీసుకుంటున్నారు. ఈ పని నాలుగేళ్ల ముందే జరగాల్సిందని నాకు తెలుసు. ఎందుకు జరగలేదో కూడా తెలుసు.

నా చదువు సాగుతూనే ఉంది. ఎనభై వేలు కట్టాక ఆపితే ఇంట్లో తలెత్తుకోలేను. రోజూ వంటయ్యాక వీడియోలు. మొదటి సెమిస్టర్ పరీక్షలు ఇంటినుంచే రాయాలి. కెమెరా పెట్టి గదిలో నాలుగు గోడలూ, బల్ల కిందా చూపించమంటారు, రెండో మనిషి నీడ పడితే వార్నింగ్ ఇస్తారు. ఆన్‌లైన్ అంటే చూసిరాసే చదువు అని పదేళ్లు నోరు పారేసుకున్నదాన్ని నేనే. మొదటి పరీక్షలో మా ఆయన గరిటె ఎక్కడుందని తలుపు తోస్తే స్క్రీన్ మీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది. ఆ మూడు గంటలు ఊపిరి బిగపట్టి రాశాను. అంత భయపడుతూ నేను బీకామ్ పరీక్షహాల్లో కూడా ఎప్పుడూ రాయలేదు.

మిగతా మూడు పరీక్షలకు సెలవు కావాలి. చదువుకునే ఉద్యోగి ఏ కోర్సు, ఏ పద్ధతి అని రాసి, అడ్మిషన్ రసీదు జతచేసి హెచ్‌ఆర్ మేనేజర్ సంతకం తీసుకోవాలి. ఆ ఫారం కూడా నేను తయారుచేసిందే. పద్ధతి అన్న గడిలో ఆన్‌లైన్ అని రాసి భాయ్ ముందు పెట్టాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ముందువైపు చదివారు. తర్వాత కాగితం వెనక్కి తిప్పారు. వెనక ఏమీ లేదు, తెల్లగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పి సంతకం చేశారు.

నేను ఉండబట్టలేక అనేశాను. "భాయ్, ఆ రోజు పాలసీ పైనుంచి వచ్చిందని చెప్పిన కదా. అది అబద్ధం. ఆ లైన్ నేనే రాసిన."

"తెలుసు మేడమ్."

"ఎట్ల తెలుసు?"

"ఎర్ర ముద్ర కాపీ డిస్పాచ్‌కి సుత ఇచ్చిన్రు కదా. కింద తయారుచేసినవారు అని మీ సంతకం ఉండె. దరఖాస్తు పెట్టకముందే చదివిన."

"తెలిసి మరి ఎవరు రాసిన్రని నన్నెందుకు అడిగిన్రు?"

"మీరే చెప్తరేమో అని అడిగిన మేడమ్" అన్నారు.

నేను తలదించుకుని కాగితం తీసుకున్నాను. తలుపు దాకా వెళ్లాక ఆయన వెనకనుంచి పిలిచి, రెండో సెమిస్టర్ తేదీలు రాగానే ముందే చెప్పమన్నారు, సెలవులకు జెర ఇబ్బంది కాకుండా చూస్తానన్నారు.